మార్కెట్, లిమిట్, స్టాప్: బాట్ ఏది పంపాలి?

మార్కెట్, లిమిట్, స్టాప్ ఆర్డర్లకు తేడా ఏంటి? షేర్లు కొని అమ్మే నా బాట్ ఎప్పుడు ఏది వాడాలి?

మార్కెట్ ఆర్డర్‌లో అమలు దాదాపు ఖాయం, ధర కాదు. లిమిట్‌లో ధర మీ చేతిలో ఉంటుంది గానీ ఆర్డర్ నిండకపోవచ్చు. స్టాప్ మీరు చెప్పిన ధర తాకేదాకా ఊరుకుని, తాకగానే మార్కెట్ ఆర్డర్ అవుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

100కి కొన్న షేరుకు 95 దగ్గర స్టాప్ పెట్టారనుకోండి. రాత్రి చెడ్డ వార్త వచ్చి, పొద్దున 88తో మొదలైతే అమ్ముడయ్యేది 88 చుట్టుపక్కలే. పోనీ 95 తాకగానే 94కి లిమిట్ ఆర్డర్ అయ్యే స్టాప్-లిమిట్ పెడితే, ఆర్డర్ 94 దగ్గరే ఆగిపోతుంది. ధర 80కి జారినా షేర్లు మీ నెత్తిమీదే.

అందుకే నేను కొనడానికి లిమిట్ వాడతాను. దొరక్కపోతే అవకాశం పోతుంది, అంతే. నష్టం ఆపడానికి మామూలు స్టాప్. దాన్ని బాట్ మెమరీలో కాదు, బ్రోకర్ దగ్గరే ఉంచండి. నెట్ పోయినా పనిచేస్తుంది. వెంటనే బయటపడాల్సి వస్తే మార్కెట్ ఆర్డర్, అదీ కొనేవాళ్లు బాగా ఉన్న షేర్లలోనే.

ఇంకోటి, లిమిట్‌లో అడిగిన 500 షేర్లలో 180 మాత్రమే దొరికితే స్టాప్ కూడా 180 షేర్లకే పెట్టాలి. 500కి పెడితే, స్టాప్ తగిలినప్పుడు మీ దగ్గర లేని 320 షేర్లు అమ్మేస్తుంది.