వెయిటేజీలు కూడితే 110 వచ్చింది

"సార్ నమస్తే. మా బిడ్డ హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో బీటెక్ డేటా సైన్స్, మొదటి సంవత్సరం. పైథాన్‌లో క్విజ్‌లు 80, అసైన్‌మెంట్లు 90, మిడ్ 60, ప్రాజెక్ట్ 85, ఫైనల్ 55 శాతం వచ్చినయి. ఐదూ కూడి ఐదుతో భాగిస్తే 74. పోర్టల్‌లో మాత్రం 68.86 చూపిస్తోంది. 70 దాటితే ఏ గ్రేడ్. కాలేజీ వాళ్లు కోసేశారా? ఈ బ్రాంచ్ మంచిదేనా, మామూలు సీఎస్ఈకి మార్పించాలా? కోర్సు షీటు, స్క్రీన్‌షాట్ పెడుతున్నా. — ఒక తండ్రి, హనుమకొండ"

ముందు ఆ 74ను పక్కన పెట్టండి సార్. ఐదింటికీ సమానమైన బరువు ఉంటేనే ఐదుతో భాగించాలి, ఇక్కడ క్విజ్‌లకు 10, ఫైనల్‌కు 40 వేశారు. అలాగని పోర్టల్ అంకె కరెక్టని కూడా అనను, ఎందుకంటే మీరు పంపిన షీటులో తప్పుంది, అది మీరు వెతికిన చోట లేదు.

అందులో క్విజ్‌లు 10, అసైన్‌మెంట్లు 20, మిడ్ 25, ప్రాజెక్ట్ 15, ఫైనల్ 40 అని ఉంది. కూడి చూడండి, 110 వస్తుంది. వంద రావాల్సిన చోట 110 వచ్చిందంటే ఇక మార్కుల లెక్క మొదలుపెట్టక ముందే ఆగాలి. అయినా ఆ వెయిటేజీలతోనే శాతాలను గుణిస్తే ఇదీ లెక్క:

8 + 18 + 15 + 12.75 + 22 = 75.75

దీన్ని 110తో భాగించి శాతం చేస్తే సరిగ్గా 68.86. అంటే ఎవరూ మీ బిడ్డ మార్కులు కోయలేదు. స్క్రీన్‌షాట్‌లో ఉన్నది మూడుల్ పోర్టల్. అందులో `Weighted mean of grades` పెడితే, గుణించి కూడిన మొత్తాన్ని వెయిటేజీల మొత్తంతో భాగిస్తుంది, ఆ మొత్తం వంద అయిందా లేదా అని ఎవరినీ అడగదు. అందుకే షీటులో తప్పున్నా తెర మీద చక్కటి అంకె కనిపించింది.

మరి ఎక్కువైన 10 ఎక్కడిది? షీటు రెండో పేజీలో కింద చిన్నగా "ఇంటర్నల్స్ 70" అని ఉంది చూడండి. మొదటి నాలుగూ కూడితే 70 అవుతుంది, అంటే ఫైనల్ 30 ఉండాలి, ఆ 40 పాత షీటు నుంచి వచ్చి ఉంటుందని నా అనుమానం. 30 పెట్టి లెక్కేస్తే ఫైనల్ నుంచి 22 బదులు 16.5 వస్తుంది, మొత్తం 70.25. ఏ గ్రేడ్! ఫైనల్ ఆమెకు అన్నిటికన్నా తక్కువ వచ్చిన పరీక్ష, దానికి ఎక్కువ బరువు పడటం వల్ల స్కోరు కిందికి జారింది. అదే ఫైనల్‌లో 95 వచ్చి ఉంటే ఈ తప్పు ఆమెకు లాభమయ్యేది, అప్పుడు మీరు నాకు రాసేవారే కాదు.

కానీ అనుమానం వేరు, రుజువు వేరు. నిజంగా తప్పు మిడ్‌లో ఉండి, అది 25 కాక 15 అయితే స్కోరు 69.75 అవుతుంది. అందుకే "మార్కులు కలపండి" అని అడగొద్దు. "షీటులో వెయిటేజీలు 110 ఉన్నాయి, డిపార్ట్‌మెంట్ ఆమోదించిన వెయిటేజీలు ఏవి?" అని అడగాలి, ఈ కూడిక కింద పెట్టాలి. అడగాల్సింది మీ బిడ్డ, మీరు కాదు. రాత్రిపూట ఆమె పోర్టల్ మీరు తెరుస్తున్నారని మీ స్క్రీన్‌షాట్‌లో టైము చూస్తేనే తెలుస్తోంది, ఆ అలవాటు మానండి సార్, పద్దెనిమిది దాటిన పిల్ల. మీరు లెక్చరర్‌కు ఫోన్ చేసి మోసం అన్నారనుకోండి, చిన్న సవరణ కాస్తా పెద్ద పంచాయితీ అవుతుంది.

బ్రాంచ్ సంగతి. డేటా సైన్స్ పేరు మీద ఉన్న మోజు నాకు ముందు నుంచీ నచ్చదు, దాచను. మొదటి రెండేళ్లు చాలావరకు సీఎస్ఈ పాఠాలే, తేడా వచ్చేది మూడో ఏడాది నుంచి, అప్పుడు స్టాటిస్టిక్స్, మెషీన్ లెర్నింగ్ చెప్పే మనిషి ఉన్నాడా లేడా అన్నదే అసలు ప్రశ్న. అడ్మిషన్ రోజు హాస్టల్, బస్సు అడిగే తల్లిదండ్రులు ఇది మాత్రం అడగరు. కొత్త బ్రాంచ్ పెట్టిన చోట కోర్సు షీట్లు వేరే బ్రాంచ్‌వి తెచ్చి అంకెలు మార్చడం కూడా చూశాను, మీ 110 అలాంటిదే కావచ్చు. కాబట్టి పైసలు కట్టి సీఎస్ఈకి మార్పించే ముందు మూడో ఏడాది సబ్జెక్టులు ఎవరు చెబుతున్నారో సీనియర్లను అడిగించండి. పిల్ల విషయంలో పరేషాన్ వద్దు, అసైన్‌మెంట్లలో 90, ప్రాజెక్టులో 85 తెచ్చుకున్న అమ్మాయికి కోడ్ రాయడం వచ్చు. మూడు గంటల పేపరు రాయడమే ఇంకా రాలేదు.

మెయిల్ మాత్రం ఈ వారంలోనే పంపమనండి. గ్రేడ్లు ఖరారై మెమోలోకి ఎక్కాక మార్చాలంటే పరీక్షల విభాగం చుట్టూ తిరగాల్సి వస్తుంది. మిడ్ 15 అని జవాబొస్తే 69.75ను 70గా తీసుకుంటారా లేదా అని వాళ్ల నిబంధనల్లో చూడమనండి, అందులో లేకపోతే ఆ పావు మార్కు కోసం కొట్లాడొద్దు.