ఫోన్ మోగితే ముందు నువ్వే తియ్యి

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నీకు జపాన్‌లో, నగోయాలో ఉద్యోగం ఖాయమైందనీ ఏప్రిల్లో చేరాలనీ చెప్పింది. సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. కాసేపటికి అదే సంతోషం టెన్షన్‌గా మారింది. జపనీస్ పరీక్షలో ఎన్3 స్థాయి పాసయ్యావు, ఇంటర్వ్యూ అంతా జపనీస్‌లోనే చేశావు, సరే. కానీ మొన్న వీడియో కాల్లో "పిన్నీ, కేగో, అదే జపనీస్ మర్యాద భాష, అంటే క్రియలకి మూడు రూపాలు బట్టీ పట్టడమే కదా" అన్నావు చూడు, ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. యోకోహామా వెళ్ళేముందు నేనూ అచ్చం అదే అనుకున్నాను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఆఫీసులో ఎవరితో మాట్లాడినా, నీకంటే చిన్నవాళ్ళతో అయినా సరే, వాక్యం చివర 'దెస్, మాస్' వచ్చే మర్యాద రూపంలోనే మొదలుపెట్టు. నీ పై అధికారి నీతో మామూలు రూపంలో, అంటే వెళ్ళడానికి 'ఇకు', తినడానికి 'తబెరు' అని చనువుగా మాట్లాడతాడు. అది ఆయనకి చెల్లుతుంది, నువ్వు తిరిగి అలా అనకూడదు. అవుననడానికి 'హై' అనాల్సిన చోట చనువుగా 'ఉన్' అనకు. పై వాళ్ళు ఇంటికి వెళ్తుంటే 'ఒత్సుకరెసమ దెషిత' అను, 'గొకురోసమ' పై వాళ్ళు కింద వాళ్ళతో అనే మాట. వాక్యం మధ్యలో వచ్చే మామూలు రూపాన్ని చూసి మాత్రం భయపడకు. వెళ్తాననుకుంటున్నాను అని 'ఇకు తొ ఒమొయిమాస్' అన్నప్పుడు లోపలి 'ఇకు' అమర్యాద కాదు, మర్యాద చివరి క్రియలో ఉంది.

ఇక అసలు సంగతి. ఆ మూడు రూపాలూ ఒకే నిచ్చెనకి మూడు మెట్లు కావు. 'మాస్' అనేది నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావో వాళ్ళ కోసం. 'ఇరష్షరు' (వెళ్ళడం, రావడం, ఉండడం మూడింటికీ గౌరవ రూపం) నువ్వు ఎవరి గురించి మాట్లాడుతున్నావో వాళ్ళ కోసం. 'మైరు', 'ఒరు' లాంటివి నీ వైపు వాళ్ళ పనిని తగ్గించి చెప్పేవి. ఇది తెలుగువాళ్ళకి కొత్తేమీ కాదు. కాలేజీలో నీ స్నేహితురాల్ని "సార్ వచ్చారటే?" అని అడిగేదానివి కదా. 'వచ్చారు' సార్ కోసం, చివరి 'ఏ' స్నేహితురాలి కోసం. జపాన్‌లోనూ ఇద్దరు కొలీగ్స్ తమలో తాము "బుచో, మో ఇరష్షత్త?" అనుకుంటారు, బుచో అప్పుడే వచ్చారా అని. బుచో, అంటే డిపార్ట్‌మెంట్ పెద్ద, ఆయనకి గౌరవ క్రియ. ఎదుట ఉన్న స్నేహితుడికి మామూలు ముగింపు. ఇక్కడిదాకా మన తెలుగే మనకి సాయం చేస్తుంది.

దెబ్బ తగిలేది దీని తర్వాత. నేను తిన్న దెబ్బ వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

2003లో నేను చేరినప్పుడు మా గదిలో అందరికంటే కొత్తదాన్ని. అక్కడ ఫోన్ మోగితే కొత్తవాళ్ళే తీయాలి, అదీ మూడోసారి మోగేలోపే. ఆలస్యమైతే 'ఒమతసె ఇతషిమషిత' అని క్షమాపణతో మొదలుపెట్టాలి. చేరి మూడు వారాలైంది. మా బుచో పేరు తనకా అనుకో. క్లయింట్ కంపెనీ నుంచి ఒక పెద్దమనిషి ఫోన్ చేసి "తనకా బుచో వా ఇరష్షైమాస్ కా?" అని అడిగాడు, తనకా బుచో ఉన్నారా అని. నేను చక్కగా, స్పష్టంగా "బుచో-సాన్ వా ఇమా ఇరష్షైమసెన్" అన్నాను, బుచో గారు ఇప్పుడు లేరు అని. పెద్దాయన గురించి చెప్తున్నాను కదా, గౌరవ క్రియ వాడానని తృప్తి కూడా పడ్డాను.

అటువైపు ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఆయన "ఆ, సెకి ఒ హజుషితె ఇరష్షరు న్ దెస్ నె" అన్నాడు, సీట్లో లేరన్నమాట అని. ఫోన్ పెట్టేశాక పక్క సీట్లోని సెన్‌పాయ్, అంటే నాకంటే ముందు చేరినావిడ, ఒక చిన్న కాగితం నా కీబోర్డ్ మీద పెట్టింది. అందులో ఒకే వాక్యం: "తనకా వా తదయిమా సెకి ఒ హజుషితె ఒరిమాస్." తనకా ప్రస్తుతం సీట్లో లేడు అని.

ఆ వాక్యం చదివి నాకు చెమటలు పట్టాయి. యాభై దాటిన మనిషి, నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న మనిషి, ఆయన్ని ఉత్త 'తనకా' అనాలా? పైగా 'ఒరిమాస్' అని తగ్గించి? చిట్టీ, మన ఇంట్లో నన్ను, మీ అమ్మని ఎలా పెంచారో నీకు తెలీదు. గుమ్మంలోకి ఎవరైనా వచ్చి అడిగితే "నాన్నగారు లేరండి" అనాలి. ఒకసారి నేను "నాన్న లేడు" అన్నానని మీ అమ్మమ్మ చెవి మెలేసింది. మనకి గౌరవం మనిషితోపాటే నడుస్తుంది. ఎవరి ముందు నిలబడి మాట్లాడినా నాన్నగారు నాన్నగారే. జపనీస్‌లో అలా కాదు. బయటివాళ్ళ ముందు నీ కంపెనీ మొత్తం నీ వైపు, దాన్ని 'ఉచి' అంటారు. బుచో అయినా ప్రెసిడెంట్ అయినా నీతోపాటే తగ్గాలి. క్లయింట్ ముందు మా బుచోని పైకెత్తితే అది మన గొప్ప మనమే చెప్పుకున్నట్టు వినిపిస్తుంది. జపాన్‌లో ఇంట్లో తండ్రిని 'ఒతోసాన్' అని పిలిచే అమ్మాయే బయటివాళ్ళకి 'చిచి' అని చెప్తుంది, 'సాన్' లేకుండా.

మనల్ని పట్టే ఉచ్చు ఇంకొకటి. అవతలివాళ్ళు "సార్ ఉన్నారా?" అంటే మనం "ఉన్నారండి" అని అదే క్రియ తిప్పి చెప్తాం. అక్కడ అడిగేవాళ్ళు 'ఇరష్షైమాస్ కా' అంటారు, చెప్పేవాళ్ళు 'ఒరిమాస్' అంటారు. వాళ్ళ క్రియని వాళ్ళకే తిప్పి ఇవ్వకు. ఉత్త పేరు చెప్పడానికి నీ నోరు రాకపోతే 'బుచో నొ తనకా' అను. హోదా పేరుకి ముందు వస్తే అది పదవి మాత్రమే, పేరు తర్వాత వస్తే గౌరవం. 'బుచో-సాన్' అని మాత్రం ఎక్కడా అనకు, 'బుచో'లోనే గౌరవం ఉంది.

కథ ఇంతటితో అయిపోలేదు. నేను ఆ కాగితంలోని వాక్యాన్ని రోజుకి ఇరవై సార్లు చదివి నోటికి పట్టించాను. రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం ఫోన్ మోగింది, ధైర్యంగా తీశాను. ఆడమనిషి గొంతు, మెత్తగా, తాను తనకా గారి భార్యనని చెప్పి ఆయన ఉన్నారా అని అడిగింది. నేను తడుముకోకుండా "తనకా వా ఇమా ఒరిమసెన్" అన్నాను.

సెన్‌పాయ్ తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంటి మనిషి ఫోన్ చేస్తే లెక్క తిరగబడుతుంది. ఆవిడ ఆయన వైపు మనిషి. ఆవిడ ముందు ఆయన మన పై అధికారి, మనం ఆయన కింద పనిచేసేవాళ్ళం. కాబట్టి అక్కడ "బుచో వా తదయిమా కైగి ని దెతె ఇరష్షైమాస్" అనాలి, మీటింగ్‌లో ఉన్నారు అని, పూర్తి గౌరవంతో. అదే మనిషి, అదే మీటింగ్, అదే టెలిఫోన్, అయినా క్లయింట్‌కి ఒక క్రియ, భార్యకి ఇంకొకటి. నేను ఆవిడ భర్తని ఆవిడ దగ్గరే 'తనకా లేడు' అన్నాను.

ఎవరూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. బుచో మర్నాడు ఎప్పటిలాగే 'ఒహయో' అన్నాడు. అదే నన్ను ఇంకా కుంగదీసింది. ఆ తర్వాత నాలుగు నెలలు నేను ఫోన్ తీయలేదు. మోగగానే ఫైలు పట్టుకుని జిరాక్స్ మెషిన్ దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. నా వంతు కూడా సెన్‌పాయే తీసేది. చివరికి క్లయింట్ దగ్గర ఆరు నెలల పని వచ్చింది. డిజైన్ నాది, కానీ వెళ్ళింది వేరే అతను. క్లయింట్ వాళ్ళకి అతని గొంతు తెలుసు, నాది తెలీదు. నా జపనీస్ అతనికేమీ తీసిపోదు తల్లీ, నేను దాక్కున్నాను, అంతే.

అందుకే ఈ ఉత్తరం. నువ్వు తప్పు మాట్లాడతావని నాకు భయం లేదు, మాట్లాడతావు. నువ్వూ నాలాగే పరువు కోసం ప్రాణమిచ్చే పిల్లవి, ఒక్క తప్పుకి నోరు మూసుకుంటావేమోనని భయం. చిన్నప్పుడు పద్యం మధ్యలో మర్చిపోయావని ఏడాదిపాటు స్టేజీ ఎక్కలేదు, గుర్తుందా?

అక్కడ నీ తప్పుని ఎవరూ ముఖం మీద చెప్పరు. గుర్తు పట్టే దారి ఒకటుంది. నువ్వు అన్నదాన్నే అవతలివాళ్ళు సరైన రూపంలో తిరిగి అంటే, ఆ క్లయింట్ పెద్దమనిషి 'సెకి ఒ హజుషితె' అన్నట్టు, ఆ మాట రాసిపెట్టుకో. ఆయన వాడిన 'ఇరష్షరు'ని మాత్రం అలాగే తీసుకోకు, అది ఆయన వైపు నుంచి అన్నది. నీ నోట్లో అది 'ఒరు' అవ్వాలి.

ఇంకొకటి, చాలామంది చేసే తప్పు. 'ఒమచి షిమాస్' అంటే నేను ఎదురు చూస్తాను అని, నీ పని. అవతలివాళ్ళని ఆగమనాలంటే 'షోషో ఒమచి కుదసై'. మధ్యలో 'షితె' చేర్చి 'ఒమచి షితె కుదసై' అన్నావంటే వాళ్ళ పనికి నీ తగ్గింపు రూపం తగిలించినట్టే. మొదట్లో 'ఒ' ఉంది కదా మర్యాదే అనుకోకు, వెనక ఏముందో చూడు. 'ని నరు' ఉంటే వాళ్ళ పని, 'సురు' గానీ దాని రూపాలైన 'షిమాస్', 'షితె' గానీ ఉంటే నీ పని.

ఏ రూపమో తేలకపోతే ఒట్టి 'మాస్'తో చెప్పెయ్యి. గౌరవం కొంచెం తగ్గినట్టు ఉంటుందేమో గానీ, తగ్గించాల్సిన వాళ్ళని పెంచి, పెంచాల్సిన వాళ్ళని తగ్గించడం కంటే నయం. కొత్తగా వచ్చిన విదేశీ అమ్మాయి 'మాస్'తో మాట్లాడితే ఎవరూ తప్పు పట్టరు.

తిండి సరిగ్గా తిను. ఊరగాయ సీసా మీ అమ్మ సర్దుతోందట, మూతకి టేపు వేయమను, కారితే బట్టలన్నీ పాడవుతాయి.

ఆదివారం సాయంత్రం ఏడింటికి నేను ఫోన్ చేస్తాను. ఒకసారి క్లయింట్‌లా, ఒకసారి బుచో భార్యలా, ఒకసారి మీ ఆఫీసులోనే పై అంతస్తు మనిషిలా మాట్లాడతాను. ఎవరినో ముందే చెప్పను, మొదటి వాక్యం విని నువ్వే తేల్చుకోవాలి. మూడోసారి మోగేలోపు తియ్యి.

మీ పిన్ని