కాన్పు తర్వాత యోనిలో బరువు: రిపోర్టులో ‘రెండో స్టేజ్’ అంటే ఏమిటి?

ప్రశ్న: కాన్పయి మూడు నెలలు. సాయంత్రానికి కింద బరువుగా ఉంటోంది, ఏదో గడ్డలా చేతికి తగులుతోంది. డాక్టరు రిపోర్టులో స్టేజ్ 2 అని రాశారు. అంటే గర్భసంచి బయటికి వచ్చేసినట్టేనా?

జవాబు: కాదు. యోని గోడలో, గర్భసంచో తన చోటు నుంచి ఎంత కిందికి జారిందో చెప్పే కొలతే ఆ స్టేజ్. నాకూ రెండో కాన్పు తర్వాత రిపోర్టులో అదే మాట రాశారు. ఆ కాన్పులో ఫోర్సెప్స్ వాడారు. రెండు నెలల తర్వాత ఒకరోజు పీట మీద కూర్చుని స్నానం చేస్తుండగా, బుగ్గ లోపలి భాగంలా మెత్తగా, తడిగా ఉన్న ఉబ్బు చేతికి తగిలింది. పొద్దున లేచేసరికి ఏమీ ఉండేది కాదు. బాబును ఎత్తుకుని పనులన్నీ చేసుకున్నాక, సాయంత్రం ఆరింటికల్లా మళ్లీ కిందికి దిగేది.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో పొద్దున్నే, పడుకోబెట్టి, ముక్కమని అడగకుండానే చూసి, అంతా బాగానే ఉందన్నారు. జారిన భాగం పడుకున్నప్పుడు లోపలికి సర్దుకుంటుంది కాబట్టి, గట్టిగా ముక్కించి చూస్తేనే అసలు కొలత తెలుస్తుంది. రెండో డాక్టరు అలాగే చూసి, నాకు జారింది గర్భసంచి కాదని, మూత్రాశయాన్ని మోసే యోని ముందు గోడ అని చెప్పారు. మీకు ఏ గోడ జారిందో కూడా తప్పక అడగండి.

స్టేజ్ లెక్క ఇలా ఉంటుంది. యోని ముఖద్వారం దగ్గర కన్నెపొర ఉండే చోటును సున్నాగా తీసుకుని, అన్నిటికన్నా కిందికి దిగిన భాగం దానికి లోపల ఉంటే మైనస్‌లోనూ, బయట ఉంటే ప్లస్‌లోనూ సెంటీమీటర్లలో రాస్తారు. ఆ గీతకు సెంటీమీటరు కన్నా ఎక్కువ లోపల ఆగితే ఒకటో స్టేజ్. లోపల ఒక సెంటీమీటరు నుంచి బయట ఒక సెంటీమీటరు దాకా రెండోది. అంతకు మించి బయటికి వస్తే మూడోది. యోని దాదాపు పూర్తిగా తిరగబడి బయటికి వస్తే నాలుగోది. పాత పద్ధతిలో ‘డిగ్రీ’ అని రాసే అంకెలకు గీతలు వేరు, కాబట్టి రెండింటినీ పోల్చకండి.

నాకు మొదట ప్లస్ 1 వచ్చింది. ఫిజియోథెరపిస్టు వేలితో పరీక్షించి, వ్యాయామంలో నేను యోని చుట్టూ ఉండే కండరాలను బిగించి పైకి లాగడానికి బదులు కిందికి ముక్కుతున్నానని పట్టుకున్నారు (ఇంట్లో నెల రోజులు చేసిందంతా తప్పే!). సరిదిద్దుకున్నాక రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి ఎనిమిదేసి బిగింపుల చొప్పున నాలుగు నెలలు చేశాను. మలబద్ధకం లేకుండా చూసుకున్నాను. మళ్లీ కొలిస్తే మైనస్ 1. బరువు దాదాపు పోయింది, రిపోర్టులో మాత్రం ఇప్పటికీ స్టేజ్ రెండే! అందుకే స్టేజ్‌తో పాటు ఆ సెంటీమీటర్ల అంకెను కూడా రాయించుకోండి.

పాలిస్తున్నంతకాలం ఈస్ట్రోజెన్ తక్కువగా ఉండి ఆ భాగం పలచగా, పొడిగా ఉంటుంది కనుక, ఇప్పటి కొలతనే చివరిదిగా తీసుకుని ఆపరేషన్‌కు తొందరపడవద్దని మా డాక్టరు చెప్పారు. వ్యాయామం చాలకపోతే, జారిన భాగాన్ని పైకి ఆపి ఉంచడానికి లోపల పెట్టే పెసరీ రింగు ఉంది. మూత్రం ఆగిపోయినా, బయటి భాగం పుండుపడి రక్తం కారినా, దుర్వాసనతో జ్వరం వచ్చినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.