సెప్టెంబర్ దాకా ఉన్న పాస్‌పోర్ట్ మార్చిలో ఎందుకు చెల్లలేదు

సింగపూర్‌కి కొత్తగా వచ్చి, ఇల్లు కుదురుకోగానే అమ్మానాన్నలకి టికెట్లు తీసే పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అంకుల్, నాన్న పాస్‌పోర్ట్ ఇంకా ఆరు నెలలుంది, సరిపోతుందా?" నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఆరు నెలలు ఏ రోజు నుంచి లెక్కపెట్టావు?

ఈ ప్రశ్న వెనక మా ఇంటి కథ ఉంది. మా మామగారు, అత్తగారు బెంగళూరులో మారతహళ్లిలో ఉంటారు. మామగారి పాస్‌పోర్ట్ గడువు సెప్టెంబర్ 10. డిసెంబర్‌లో నేనే టికెట్లు తీశాను. అప్పటికి తొమ్మిది నెలల గడువు ఉంది కాబట్టి నాకు అనుమానమే రాలేదు. వీసా పెట్టినప్పుడూ ఆరు నెలలకు పైనే ఉంది, వీసా వచ్చేసింది. ప్రయాణం మార్చి 13 రాత్రి. విమానం బెంగళూరులో రాత్రి పదకొండు దాటాక బయల్దేరి, సింగపూర్‌లో దిగేది 14 తెల్లవారుజామున.

సింగపూర్ అడిగేది దేశంలో అడుగుపెట్టే రోజు నుంచి ఆరు నెలల గడువు. టికెట్ కొన్న రోజుతో దానికి పని లేదు, బయల్దేరిన రోజుతోనూ లేదు. మార్చి 14 నుంచి ఆరు నెలలంటే సెప్టెంబర్ 14. మామగారికి నాలుగు రోజులు తక్కువ పడింది. బెంగళూరు విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేశారు. వాళ్లతో వెళ్లిన మా బావమరిది ఫోన్‌లో లెక్కకట్టి, "మేడమ్, సరిగ్గా నూట ఎనభై రోజులున్నాయి, చూడండి" అన్నాడు. వాడి లెక్క తప్పు కాదు. నిజంగానే 180 రోజులు. కానీ నిబంధనలో ఉన్నది రోజులు కాదు, నెలలు. ఆ ఆరు నెలల్లో ముప్ఫై ఒకటేసి రోజులున్న నెలలు ఎక్కువ పడటంతో మొత్తం 184 అవుతుంది.

ఆన్‌లైన్ చెక్-ఇన్‌లో ముందురోజే చిన్న హెచ్చరిక వచ్చింది. బోర్డింగ్ పాస్ ఇవ్వకుండా, "డాక్యుమెంట్లు కౌంటర్లో చూపించండి" అంది. వీసా చూపించమని అంటోందిలే అనుకుని మేం పట్టించుకోలేదు. నిజానికి వీసా కావలసిన చాలా ప్రయాణాల్లో ఈ మాట మామూలుగానే వస్తుంది. అందుకే దాన్ని చూసి భయపడనక్కర్లేదు కానీ, చూసిన వెంటనే గడువు తేదీ ఒకసారి సరిచూసుకుంటే మంచిది. అప్పటికింకా టికెట్ తేదీ మార్చుకునే టైం ఉంటుంది.

కౌంటర్లో అమ్మాయిది అనంతపురం వైపు. పాస్‌పోర్ట్ మెషిన్‌లో గీసి, స్క్రీన్ వైపు చూసి, "అంకుల్, సిస్టమ్ తీసుకోవడం లేదు" అంది పాపం మెల్లగా. ఆ సిస్టమ్ వెనక ఉండేది టిమాటిక్ అనే సమాచార నిధి. ఏ దేశపు పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ఏ దేశానికి వెళ్లాలంటే ఎంత గడువు, ఏ వీసా కావాలో అందులో ఉంటుంది. ఎయిర్‌లైన్ సంఘమైన ఐయాటా దాన్ని నడుపుతుంది. ప్రయాణికుడి దేశం, గమ్యం, తేదీలు ఇస్తే వెళ్లొచ్చా లేదా అని అది చెబుతుంది. కాదంటే కౌంటర్లో ఉన్నవాళ్ల చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. సూపర్‌వైజర్‌ని పిలుస్తారు, ఆయన కూడా వచ్చి అదే స్క్రీన్ చూస్తాడు.

"వాళ్లు వెనక్కి పంపితే మేమే వస్తాం, రాసిస్తాం" అని మామగారు అన్నారట. చాలామందికి తోచే మాటే ఇది. కానీ దిగిన చోట ఇమిగ్రేషన్ వాళ్లు కాదంటే ఆ మనిషిని వెనక్కి తీసుకెళ్లాల్సిన బాధ్యత ఎయిర్‌లైన్‌దే. పైగా చాలా దేశాలు సరైన పత్రాలు లేనివాళ్లని తెచ్చినందుకు ఎయిర్‌లైన్‌కి జరిమానా వేస్తాయి. యూరప్‌లో అది మనిషికి వేల యూరోల్లో ఉంటుంది. అందుకే అక్కడి ఆఫీసరు చేయాల్సిన తనిఖీ ఇక్కడి కౌంటర్లోనే జరిగిపోతుంది.

మేం చేసిన అసలు పొరపాటు ఆ తర్వాతది. మా బావమరిది నలభై నిమిషాలు వాదించాడు. ఈలోగా కౌంటర్ మూసేశారు. మూయకముందే ఆ టికెట్లకి తేదీ మార్పించి ఉంటే మార్పు రుసుము, చార్జీలో తేడా కట్టి బయటపడేవాళ్లం. మూశాక అది 'నో-షో' అయింది, అంటే టికెట్ ఉండీ ప్రయాణానికి రానట్టు లెక్క. వెళ్లే ప్రయాణం వాడుకోకపోవడంతో తిరుగు టికెట్లు కూడా రద్దయ్యాయి. అత్తగారి పాస్‌పోర్ట్ బాగానే ఉన్నా ఆవిడ ఒక్కరే రానన్నారు, ఆ టికెట్టూ పోయింది. వెనక్కి వచ్చింది పన్నులు, విమానాశ్రయ రుసుములు మాత్రమే. సీటు ఉండీ ఎక్కించుకోకపోతే ఇచ్చే పరిహారం దీనికి వర్తించదు, ఎందుకంటే లోపం మన పత్రాల్లో ఉంది. కాబట్టి కౌంటర్లో కాదన్న నిమిషం నుంచి ఒకరు సూపర్‌వైజర్‌తో మాట్లాడుతుంటే, రెండోవాళ్లు ఫోన్‌లో తేదీ మార్చే పని మొదలుపెట్టాలి.

తత్కాల్ మాట కూడా ఆ రాత్రే వచ్చింది. మామూలు రుసుముకి మరో రెండు వేలు కట్టి తత్కాల్‌లో పెట్టొచ్చు. కానీ పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో అపాయింట్‌మెంట్ దొరకాలి, బుక్‌లెట్ ముద్రించి ఇంటికి రావాలి. రాత్రి విమానానికి పొద్దున చేసే పని కాదది. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే రీఇష్యూకి పెట్టుకోవచ్చన్న సంగతి నాకు తెలిసి ఉంటే డిసెంబర్‌లోనే ఆ పని చేయించేవాణ్ణి. ఈ వరసలో పాస్‌పోర్ట్ ముందు, వీసా తర్వాత, టికెట్ చివర. ఈ-వీసా మీద పాస్‌పోర్ట్ నంబర్ ఉంటుంది. పుస్తకం మారితే ఆ నంబర్ మారిపోతుంది, మా మామగారికి వీసా మళ్లీ మొదటి నుంచి పెట్టాల్సి వచ్చింది.

ఆరు నెలలన్నది అన్ని దేశాలకీ ఒకటే అనుకోకండి. యూరప్‌లో ఒకే వీసాతో తిరగనిచ్చే షెంగెన్ దేశాలు అక్కణ్ణుంచి బయటికి వచ్చే రోజు తర్వాత మూడు నెలలు అడుగుతాయి. పాస్‌పోర్ట్ పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలని కూడా అంటాయి. అమెరికాకి మన పాస్‌పోర్ట్ మీద ఆ ఆరు నెలల షరతు లేదు, ఉండబోయే కాలానికి గడువుంటే చాలు. అయితే హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద వెళ్లేవాళ్లకి అక్కడ ఇంకో చిక్కుంది. కంపెనీ తెచ్చిన పిటిషన్ అనుమతి ఇంకా రెండేళ్లున్నా, ఎప్పటిదాకా అక్కడ ఉండొచ్చో చెప్పే ఐ-94 రికార్డుని ఆఫీసరు పాస్‌పోర్ట్ గడువు తేదీ వరకే ఇవ్వొచ్చు. విమానం ఎక్కనిచ్చారు కదా అని ఊరుకుంటే ఆ తేదీ దాటిపోతుంది. దిగిన తర్వాత ఐ-94 తీసి చూసుకోండి.

మధ్యలో ఆగే ఊరి సంగతీ అంతే. చెన్నై నుంచి సింగపూర్‌కి ఒక టికెట్, అక్కణ్ణుంచి సిడ్నీకి వేరే టికెట్ తీసి, మధ్యలో బ్యాగులు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాల్సి వస్తే మీరు సింగపూర్‌లోకి అడుగుపెట్టినట్టే. అప్పుడు సింగపూర్ ఆరు నెలలూ, దాని వీసా నిబంధనా మీకు వర్తిస్తాయి. చెన్నై కౌంటర్లో అదీ చూస్తారు. ఒకే టికెట్ మీద బ్యాగు నేరుగా సిడ్నీకి వెళ్తే ఈ తలనొప్పి ఉండదు.

మామగారు కొత్త పాస్‌పోర్ట్‌తో మే నెలలో వచ్చారు. వచ్చిన వారానికి మా పాప పాస్‌పోర్ట్ తీసి, "దీని గడువు ఎప్పుడు?" అని అడిగారు. పెద్దవాళ్లకైతే పదేళ్లు, పిల్లలకి ఐదేళ్లే. చూస్తే నవంబర్. దసరాకి ఇండియా వెళ్లి తిరిగి సింగపూర్‌లో దిగే రోజుకి ఒక నెల కూడా మిగలదు.