బెట్టింగ్ సైట్ దివాలా తీస్తే వాలెట్‌లో ఉన్న డబ్బు ఎవరిది?

ప్రశ్న: లాయర్ గారూ, నేను ఆడే ఆన్‌లైన్ బెట్టింగ్ సైట్ కొన్ని రోజులుగా విత్‌డ్రాలు ఆపేసింది. కంపెనీ దివాలా తీసిందంటున్నారు. "ఆటగాళ్ల డబ్బు విడి ఖాతాలో ఉంచుతాం" అని సైట్‌లో రాసి ఉంది కాబట్టి నా డబ్బు నాకు వచ్చేస్తుందా?

జవాబు: ఆ ఒక్క వాక్యాన్ని నమ్ముకోకండి. విడి ఖాతా వేరు, ట్రస్ట్ ఖాతా వేరు, తేడా అంతా అక్కడే ఉంది.

వాలెట్‌లో కనిపించే అంకె మామూలుగా మీ డబ్బు కాదు, కంపెనీ మీకు బాకీ ఉన్నట్టు రాసుకున్న లెక్క మాత్రమే. ఆ డబ్బును కంపెనీ తన పేరు మీదే ఉన్న ఇంకో బ్యాంకు ఖాతాలో పెట్టినా, చట్టం దృష్టిలో అది కంపెనీ ఆస్తే. దివాలా ప్రక్రియ మొదలయ్యాక, కంపెనీ ఆస్తులు అమ్మి అప్పులవాళ్లకు పంచడానికి నియమించే లిక్విడేటర్ దాన్ని కూడా అందరి వాటాలోకి లాగేస్తాడు. దేశాన్ని బట్టి కొంత మారినా, సాధారణంగా ముందు తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాళ్లు, దివాలా ఖర్చులు, ఉద్యోగుల జీతాల బకాయిలు, ఆ తర్వాత ఏమైనా మిగిలితే తాకట్టు లేని అప్పులవాళ్లు. మీరు ఆ చివరి వరుసలో నిలబడతారు. అదే డబ్బును ఆటగాళ్ల కోసం ట్రస్ట్‌గా పెట్టి, స్వతంత్ర ట్రస్టీ చేతికిచ్చి ఉంటే అది కంపెనీ ఆస్తి కాదు, అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు.

బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్ ఈ తేడాను మూడు స్థాయిలుగా చెప్పమంటుంది: రక్షణ లేదు, మధ్యస్థం, ఉన్నతం. మొదటి స్థాయిలో విడి ఖాతా ఉండొచ్చు, కానీ దివాలాలో అది మీకు అక్కరకు రాదు. మధ్యస్థంలో దివాలా వచ్చినా డబ్బు ఆటగాళ్లకు చేరేలా ఏదో ఏర్పాటు ఉంటుంది, పూర్తి గ్యారంటీ మాత్రం ఉండదు. ఉన్నతంలోనే బయటివాళ్లు తనిఖీ చేసే అసలు ట్రస్ట్ ఖాతా. అక్కడ లైసెన్సున్న సైటైతే తన స్థాయి ఏమిటో నిబంధనల్లో రాయాలి, అది వెతకండి. విడిగా ఉంచాం అని చెప్పే "సెగ్రిగేటెడ్" అన్న మాట ఒక్కటే ఉండి "ట్రస్ట్" అన్న మాట ఎక్కడా లేకపోతే రక్షణ లేదనే అనుకోండి.

ఆన్‌లైన్ పోకర్ సైట్ ఫుల్ టిల్ట్ పోకర్ సంగతి చూడండి. 2011 మార్చి చివరికి ఆటగాళ్లకు ఇవ్వాల్సింది సుమారు 39 కోట్ల డాలర్లు, బ్యాంకుల్లో ఉన్నది సుమారు 6 కోట్లు. ఆటగాళ్ల డబ్బు భద్రంగా ఉందని చెప్పుకుంటూనే యజమానులకు 44 కోట్లకు పైగా పంచిపెట్టారని అమెరికా న్యాయశాఖ ఆరోపించింది. అది కాక, ఆటగాళ్ల బ్యాంకుల నుంచి ఎన్నడూ రాని డిపాజిట్లను కూడా వాలెట్లలో జమ చూపించి ఆడనిచ్చారు. ఉన్న డబ్బును అలాగే పంచి ఉంటే, వేరే అప్పులవాళ్లు ఒక్కరూ లేరనుకున్నా, డాలరుకు 15 సెంట్లు దక్కేవి. చివరికి డబ్బు తిరిగి వచ్చింది, కానీ అది చట్టం చలవ కాదు. పోటీ సైట్ పోకర్‌స్టార్స్ 2012లో అమెరికా ప్రభుత్వంతో రాజీ చేసుకుని, ఫుల్ టిల్ట్ ఆస్తులు కొనుక్కుని ఆ భారం ఎత్తుకుంది కాబట్టి వచ్చింది. అమెరికా ఆటగాళ్లకైతే చెల్లింపులు మొదలయ్యేసరికి 2014 ఫిబ్రవరి అయింది. అలాంటి కొనుగోలుదారు మీ సైట్‌కూ దొరుకుతాడని లెక్క వేసుకోలేం.

ట్రస్ట్ ఉన్నా అందులోకి ఏం వచ్చిందో చూడాలి. 2021 మార్చిలో కుప్పకూలిన బ్రిటన్ బెట్టింగ్ సైట్ ఫుట్‌బాల్ ఇండెక్స్‌లో ఆటగాళ్ల నగదు బ్యాలెన్స్‌కు రక్షణ ఖాతా ఉంది, కానీ వాళ్లు షేర్లలా కొనుక్కున్న పందేలకు లేదు. జనం పోగొట్టుకున్నదాంట్లో పెద్ద భాగం ఆ పందేలదే. బోనస్ సంగతీ అంతే, షరతులు పూర్తి కాని బోనస్‌ను బాకీగా ఒప్పుకోవడం అరుదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: లాగిన్ పనిచేస్తున్నప్పుడే బ్యాలెన్స్, డిపాజిట్ల చరిత్ర, ఆగిపోయిన విత్‌డ్రా అభ్యర్థనలు, అప్పటి నిబంధనల పేజీ, అన్నింటికీ తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. లైసెన్సు ఏ దేశానిదో, ఏ కంపెనీ పేరు మీద ఉందో రాసుకోండి, ఎందుకంటే సైట్ పేరు ఒకటి, నిబంధనల్లో మీతో ఒప్పందం చేసుకున్న కంపెనీ ఇంకొకటి కావడం మామూలే, క్లెయిమ్ వేయాల్సింది ఆ కంపెనీ మీదే. లిక్విడేటర్‌ని నియమించాక ఆయన ఇచ్చే గడువులోగా క్లెయిమ్ ఫారం పంపండి, ట్రస్ట్ ఉంటే ఆ హక్కు కూడా అడుగుతున్నానని అందులో విడిగా రాయండి. ఇటీవలి డిపాజిట్ కార్డుతో కట్టి ఉంటే ఆ చెల్లింపును బ్యాంకు ద్వారా వెనక్కి తెప్పించుకునే చార్జ్‌బ్యాక్ గురించి బ్యాంకుని వెంటనే అడగండి, దానికి గడువు తక్కువ. ఆ డబ్బుతో అప్పటికే ఆడేసి ఉంటే మాత్రం బ్యాంకు ఒప్పుకోవడం కష్టం.

ఇంకో మాట, ఇలాంటప్పుడు "మీ డబ్బు రికవరీ చేసిపెడతాం, ముందు ఫీజు కట్టండి" అంటూ ఫోన్లు వస్తాయి. క్లెయిమ్ తీసుకోవడానికి లిక్విడేటర్ మీ దగ్గర ఫీజు అడగడు.