సైకియాట్రీలో జబ్బు పేరు పట్టుకోగానే మందు టిక్ పెట్టకండి

ప్రశ్న: సార్, నేను జార్జియాలో మెడిసిన్ పూర్తి చేసి వచ్చి ఎఫ్‌ఎంజీఈకి చదువుతున్నాను. సైకియాట్రీకి జబ్బు, లక్షణాలు, మందు అని మూడు గళ్ల పట్టిక రాసుకుని బట్టీ పట్టాను. నేరుగా అడిగితే చెప్పగలను కానీ కేసు రూపంలో ఇస్తే రెండు ఆప్షన్ల మధ్య ఇరుక్కుని తప్పుదే పెడుతున్నాను. ఎలా చదవాలి? – ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: నీ పట్టికలో తప్పేమీ ఉండదమ్మా, ఒక గడి తక్కువైంది అంతే. మందు జబ్బు పేరును బట్టి మాత్రమే రాదు. పేషెంటు ఇప్పుడు ఏ దశలో ఉన్నాడు, అతని శరీర పరిస్థితి ఏమిటి అన్నదాన్ని బట్టి వస్తుంది. కేసు ప్రశ్న తయారుచేసేవాళ్లు సరిగ్గా అక్కడే మెలిక పెడతారు. ఒక కేసు తీసుకుని చూద్దాం, నువ్వు కూడా పేపరు మీద రాసుకుంటూ చదువు.

22 ఏళ్ల ఇంజినీరింగ్ అమ్మాయి. మూడు వారాలుగా మనసు బాగోలేదు, దేని మీదా ఆసక్తి లేదు, పగలు కూడా పడుకునే ఉంటోంది, నీరసం, చదివింది బుర్రకెక్కడం లేదు. కేసు మధ్యలో ఎక్కడో ఒక వాక్యం ఉంటుంది: పోయిన ఏడాది అయిదు రోజుల పాటు చాలా హుషారుగా ఉంది, రోజుకు మూడు గంటలే నిద్రపోయినా అలసట లేదు, ఆపకుండా మాట్లాడేది, ఒకేసారి నాలుగు పనులు నెత్తిన వేసుకుంది, స్నేహితులకు తేడా తెలిసింది, అయినా కాలేజీకి మామూలుగానే వెళ్లింది, ఏ మత్తుమందూ తీసుకోలేదు. ఇప్పుడు ఏ మందుతో మొదలుపెడతారు? ఆప్షన్లలో ఎస్సిటలోప్రామ్, క్వెటియాపిన్ రెండూ ఉంటాయి.

మొదటి భాగం చదవగానే చాలామంది చెయ్యి ఎస్సిటలోప్రామ్ మీదికి పోతుంది. లెక్కకు కూడా సరిపోతుంది మరి: డిప్రెషన్‌కు డీఎస్‌ఎం-5 ప్రకారం తొమ్మిది లక్షణాల్లో అయిదు, రెండు వారాల పాటు ఉండాలి, వాటిలో దిగులో ఆసక్తి పోవడమో ఒకటి తప్పనిసరి. ఈ అమ్మాయికి అయిదూ ఉన్నాయి, మూడు వారాలు దాటింది. కానీ ఆ అయిదు రోజుల వాక్యం ఊరికే పెట్టింది కాదు. హైపోమేనియాకు కావలసింది వరుసగా నాలుగు రోజులు, మామూలు కంటే పొంగిన మూడ్, ఎక్కువ ఉత్సాహం, వాటితో పాటు మరో మూడు లక్షణాలు, ఎదుటివాళ్లకు కనిపించే మార్పు, కానీ పనులు దెబ్బతినకూడదు, ఆసుపత్రిలో చేర్చాల్సినంత కాకూడదు. అన్నీ సరిపోయాయి కాబట్టి ఇది బైపోలార్ టూ, ఇప్పుడున్నది డిప్రెషన్ దశ. మందు క్వెటియాపిన్. యాంటీడిప్రెసెంట్ ఒక్కటే ఇస్తే పేషెంటు మేనియా వైపు తిరిగే ప్రమాదం ఉంటుంది, అందుకే ఎస్సిటలోప్రామ్ తప్పు.

ఇక్కడితో ఆగిపోతే ఒక ప్రశ్నే వచ్చినట్టు. అదే కేసులో ఒక్కో ముక్క మారుస్తూ పో. పోయిన ఏడాది వాక్యం మొత్తం కొట్టెయ్యి: మామూలు డిప్రెషన్, ఎస్సిటలోప్రామో సెర్ట్రలినో సరైన జవాబు. ఆ వాక్యం ఉంచి, కాలేజీకి వెళ్లడం బదులు ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చిందని రాయి: అప్పుడది మేనియా. మామూలుగా మేనియాకు ఏడు రోజులు కావాలి, కానీ ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే రోజుల లెక్క అడగరు. జబ్బు పేరు బైపోలార్ వన్ అయింది, అయినా ఇప్పటి డిప్రెషన్‌కు మందు మాత్రం క్వెటియాపినే. అంటే పేరు మారినా మందు మారలేదు. ఇప్పుడు తిరగేసి చూడు. అదే బైపోలార్ వన్ అమ్మాయి ఈసారి తీవ్రమైన మేనియాతో వచ్చింది. పేరు అదే, మందు మారింది: లిథియం, వాల్‌ప్రోయేట్, ఒలాంజపిన్ లాంటి యాంటీసైకోటిక్ ఇవీ నీ వరస. లిథియం పనిచేయడం మొదలుపెట్టడానికే దాదాపు వారం పడుతుంది కాబట్టి ఎగిరెగిరి పడుతున్న పేషెంటును ముందు అదుపులోకి తేవడానికి యాంటీసైకోటిక్ కావాలి. ఆమె గర్భవతి అని ఒక్క మాట కలిపితే వాల్‌ప్రోయేట్ కొట్టెయ్యాలి, బిడ్డకు వెన్నుపాము లోపాలు వస్తాయి, తర్వాత తెలివితేటల మీదా ప్రభావం ఉంటుంది. కిడ్నీలు దెబ్బతిన్నాయని కలిపితే లిథియం పోతుంది, ఎందుకంటే అది బయటికి పోయేదే కిడ్నీల గుండా.

ఇలా ఒక కేసును అయిదారు రకాలుగా మార్చి రాసుకోవడం యాభై కొత్త ప్రశ్నలు చేయడం కంటే నీకు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. పట్టికలో ఆ నాలుగో గడికి ‘ఏది మారితే జవాబు మారుతుంది’ అని పేరు పెట్టుకో.

రోజులూ నెలలూ లెక్కపెట్టాల్సిన చోట ఇంకో ఇబ్బంది ఉంది, నువ్వు ఏ పుస్తకం చదివావన్నది. మూడు నెలలుగా ఎవరో తనను చంపాలని చూస్తున్నారని అనుమానం, చెవిలో మాటలు, మూడ్ లక్షణాలు లేవు, మత్తు అలవాటు లేదు. డీఎస్‌ఎం ప్రకారం స్కిజోఫ్రెనియాకు మొత్తం ఆరు నెలలు కావాలి కాబట్టి ఇది స్కిజోఫ్రెనిఫార్మ్. ఐసీడీ ప్రకారం ఒక నెల చాలు, ఇది స్కిజోఫ్రెనియానే. రెండూ ఆప్షన్లలో ఉంటే, ప్రశ్నలో ఏ పద్ధతి ప్రకారం అని అడిగారో వెతుకు. స్కిజోఫ్రెనిఫార్మ్ అనే ఆప్షన్ ఉందంటే చాలాసార్లు డీఎస్‌ఎం మనసులో పెట్టుకునే ప్రశ్న తయారుచేశారని అర్థం. మందు అడిగితే మాత్రం కంగారు అక్కర్లేదు, రెండింటికీ రిస్పెరిడోన్ లాంటి రెండో తరం యాంటీసైకోటిక్‌తోనే మొదలు. క్లోజపిన్ చూసి టెంప్ట్ కావద్దు. అది బాగా పనిచేసే మందే, కానీ తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు కాబట్టి రెండు యాంటీసైకోటిక్‌లు సరైన డోసులో, సరిపడా వారాల పాటు వాడినా ఫలితం లేనప్పుడే దానికి వెళతారు. కేసులో ఆ చరిత్ర ఇస్తే క్లోజపిన్, ఇవ్వకపోతే కాదు.

ఇంకొకటి, ప్రశ్న ఆఖరి వాక్యం ముందు చదువు. పానిక్ డిజార్డర్ అని నువ్వు కరెక్టుగానే పట్టుకుంటావు, కానీ ‘ప్రస్తుతం వచ్చిన అటాక్‌కు వెంటనే’ అంటే లోరాజెపామ్ లాంటి బెంజోడయాజెపైన్, ‘దీర్ఘకాలానికి’ అంటే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ పనిచేయడానికి వారాలు పడుతుంది, బెంజోడయాజెపైన్ వారాల తరబడి వాడితే అలవాటైపోతుంది, ఆ రెండు కారణాలు గుర్తుంటే ఏది ఎక్కడో ప్రత్యేకంగా బట్టీ పట్టే పనే లేదు.

ఎంత టైం పెట్టాలన్నది కూడా చెబుతాను, నువ్వు అడగకపోయినా. ఎఫ్‌ఎంజీఈలో 300 ప్రశ్నల్లో సైకియాట్రీవి అయిదు. పాస్‌కు 150 కావాలి, నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి దీని మీద వారాలు కూర్చోవద్దు, మూడు నాలుగు రోజులు చాలు. అందులో మొదటి రోజు మొత్తం మూడ్ జబ్బులకూ సైకోసిస్‌కూ ఇచ్చేయ్, ఎందుకంటే పై మెలికలన్నీ అక్కడే ఉంటాయి. లిథియం విషలక్షణాలు, యాంటీసైకోటిక్ వల్ల వచ్చే జ్వరం, కండరాలు బిగుసుకుపోవడం లాంటివి ఫార్మకాలజీ చదివేటప్పుడు ఎలాగూ వస్తాయి, రెండుసార్లు చదవకుండా ఆ పేజీలోనే కలిపి రాసుకో. నిద్ర జబ్బులు, వ్యక్తిత్వ జబ్బులు చివరి రోజు ఒకసారి తిరగేస్తే సరిపోతుంది.