తాతయ్య కోసేసిన ఫొటో మూల

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. తిత్లీ తుఫానులో తడిసి వెలిసిపోయిన పాత ఇంటి ఫొటో ఒకటుంది. దాని చిరిగిన మూలని తాతయ్య మొన్న స్కేలు పెట్టి బ్లేడుతో కోసేశారు. ఆ మూలలో ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన చినతాతయ్య భుజం, చెయ్యి ఉండేవి. జీడితోట పంపకాల నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. పెళ్లికొచ్చిన బాబాయి ఆ ఫొటో చూసి, 'మా నాన్నని కోసి పారేశారు' అని భోజనం చేయకుండా వెళ్లిపోయాడు. తాతయ్యని అడగాలంటే భయం. ఏం చేయను?

జవాబు: కోపంతో కోసేవాళ్లు స్కేలు వెతుక్కోరు. పైగా తమ్ముడి ముఖం జోలికి పోలేదు. ఫొటో కాగితం మీద జెలటిన్ పొర ఉంటుంది. తడిస్తే అది ఉబ్బుతుంది, ఆరాక బిగిసి పెళుసవుతుంది. అంచున మొదలైన చిరుగు చెయ్యి తగిలినప్పుడల్లా కాస్త లోపలికి పాకుతుంది. ముఖం దాకా రాకుండా మీ తాతయ్య దాన్ని ఆపి ఉండొచ్చు. మనసులో పాత కోపం కూడా కొంత ఉందేమో, దూరం నుంచి నేను చెప్పలేను. అది తెలియాలంటే ఆయన్నే అడగాలి.

'ఎందుకు కోశారు?' అనొద్దు. అది నిలదీసినట్టుంటుంది. నలుగురూ లేనప్పుడు ఫొటో చేతికిచ్చి, 'ఇందులో ఎవరెవరు తాతయ్యా?' అనండి. తమ్ముడి పేరు ఆయనంతట ఆయనే చెబితే, కోసిన ముక్క ఏదని మెల్లగా అడగండి. పాతకాలం వాళ్లు అలాంటివి పారేయరు, ట్రంకు పెట్టెలోనో భగవద్గీత పేజీల్లోనో దొరకొచ్చు. ఆ పేరు దాటేస్తే ఆ రోజుకి ఇంకేం అడగొద్దు.

ముక్క దొరికితే సెల్లోటేపుతో అతికించకండి. దాని జిగురు కొన్నాళ్లకి పసుపురంగుకి మారి కాగితంలోకి దిగుతుంది. లామినేషనూ వద్దు, మళ్లీ ఊడదీయలేం. రెంటినీ పక్కపక్కన పెట్టి 600 డీపీఐలో స్కాన్ చేయించండి, కలపడం కంప్యూటర్‌లో అవుతుంది. ఫొటో ఫ్రేము అద్దానికి అంటుకుని ఉంటే మాత్రం పీకొద్దు, పొర ఊడొస్తుంది. అద్దం మీంచే ఫొటో తీయించండి. అసలుదీ ముక్కా యాసిడ్ లేని కాగితపు కవర్లో ఉంచండి.

ముక్క దొరక్కపోతే స్టూడియోవాళ్లు వేరే చెయ్యి అతికిస్తామంటారు. ఒప్పుకోవద్దు. బాబాయి కంటికి అది ఇంకో అవమానంలా కనిపిస్తుంది. ఆ మూల ఖాళీగానే ఉండనివ్వండి.

తాతయ్యకి చెప్పాకే బాబాయికి ఫోన్ చేయండి. 'తాతయ్య తప్పేం లేదు' అని మొదలుపెడితే వాదన అవుతుంది. 'చినతాతయ్య ముఖం బాగానే ఉంది బాబాయ్, కాపీ తీయించాను, అడ్రసు చెప్పు' అనండి. జీడితోట మాట ఆయన ఎత్తినా మీరు అందుకోకండి. ఆ లెక్క పెద్దవాళ్లది, మీరు తీర్చగలిగేది కాదు.